పాలకూరలోని ఇనుము ఒంటికి పట్టాలంటే

ప్రశ్న: "మా అమ్మాయికి పదిహేడేళ్లు. హిమోగ్లోబిన్ 9.6 వచ్చింది. మూడు నెలలుగా వారానికి ఐదు రోజులు పాలకూర పప్పే పెడుతున్నాను. మళ్లీ పరీక్ష చేయిస్తే 9.7. పాలకూరలో ఆక్సలేట్లు ఉంటాయని, అందులోని ఐరన్ ఒంటికి పట్టదని పక్కింటావిడ అన్నారు. ఉడికించి నీళ్లు పారబోయాలా, లేక నిమ్మరసం పిండితే చాలా? మేము ఉండేది హనుమకొండ."

నీళ్లు పారబోస్తే కొంత మేలు. అదే పూట విటమిన్ సి బాగా ఉన్నదేదైనా తింటే అంతకంటే ఎక్కువ మేలు. భోజనం అయిన వెంటనే టీ తాగే అలవాటు ఉంటే ముందు దాన్ని మార్చండి, లేకపోతే ఈ రెండూ చేసినా పెద్దగా కలిసిరాదు. ఇక చేదుగా ఉన్నా ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది: 9.6ను పాలకూరతో 12 దాకా తేలేరు. ఎంత బాగా వండినా తేలేరు. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను, తర్వాత వంట సంగతికి వస్తాను.

నేను వరంగల్, హనుమకొండల్లో ఇరవై రెండేళ్లుగా ఆహార సలహాలు ఇస్తున్నాను. నా దగ్గరకు వచ్చే ఆడపిల్లల తల్లుల్లో సగం మంది మీ ప్రశ్ననే అడుగుతారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మీ అమ్మాయి బరువు మీరు రాయలేదు, 45 కిలోలు అనుకుందాం. ఆ బరువుకు ఒంట్లో రక్తం దాదాపు మూడు లీటర్లు ఉంటుంది. హిమోగ్లోబిన్ 9.6 నుంచి 12కు చేరాలంటే కొత్తగా సుమారు 70 గ్రాముల హిమోగ్లోబిన్ తయారు కావాలి. ఒక్కో గ్రాముకు 3.4 మిల్లీగ్రాముల ఇనుము పడుతుంది. అంటే దాదాపు 240 మిల్లీగ్రాముల ఇనుము పేగు గోడ దాటి రక్తంలోకి చేరాలి. తినాల్సిన ఇనుము కాదు ఇది, ఒంటికి పట్టాల్సిన ఇనుము. ఈ తేడా దగ్గరే అందరూ పొరబడతారు.

ఇప్పుడు పాలకూర వైపు నుంచి చూద్దాం. పచ్చి ఆకు వంద గ్రాముల్లో ఇనుము దాదాపు 2.7 మిల్లీగ్రాములు. ఆకుకూరల్లో అది తక్కువేమీ కాదు. కానీ పాలకూరను తినిపించి కొలిచిన పాత ప్రయోగాల్లో అందులో ఒంటికి పట్టింది ఒకటి రెండు శాతమే. రెండు శాతమే తీసుకుంటే రోజుకు వంద గ్రాముల ఆకు నుంచి వచ్చేది 0.05 మిల్లీగ్రాములు. ఆ లెక్కన 240 మిల్లీగ్రాములు కూడబెట్టడానికి పన్నెండేళ్లు పడుతుంది. రక్తం తక్కువగా ఉన్నవారి పేగు మామూలువారికంటే ఎక్కువ ఇనుమును పీల్చుకుంటుంది, నిజమే. అందుకని ఐదు శాతం వేసుకున్నా ఐదేళ్లు. పైగా ఈ లెక్కలో రోజువారీ ఖర్చును కలపలేదు. నెలసరి వచ్చే అమ్మాయి ఒంటి నుంచి సగటున రోజుకు ఒకటి నుంచి ఒకటిన్నర మిల్లీగ్రాముల ఇనుము పోతూనే ఉంటుంది. పాలకూర ఒక్కటే ఆ ఖర్చుకు కూడా చాలదు. మూడు నెలల్లో 9.6 కాస్తా 9.7 కావడంలో మీ వంట తప్పేమీ లేదు. ఆ 0.1 తేడా కూడా పరీక్ష యంత్రంలో వచ్చే మామూలు హెచ్చుతగ్గుల్లో కలిసిపోయేదే.

ఆకులో ఉన్నది ఒంటికి ఎందుకు పట్టదన్న దానికి మీ పక్కింటావిడ చెప్పిన ఆక్సలేట్ల కథ సగం నిజం. ఆ సగం ముందు చెబుతాను.

పాలకూర తిన్నాక నాలుకతో పళ్ల వెనక తడిమి చూడండి. సుద్దముక్క రాసినట్టు గరుకుగా తగులుతుంది. అది ఆక్సాలిక్ ఆమ్లం, దాని లవణాల పని. ఆకులో ఇది రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి నీటిలో కరిగేది. రెండోది కాల్షియంతో కలిసి సన్నని స్ఫటికాలుగా గట్టిపడినది, ఇది నీటిలో కరగదు. వంద గ్రాముల పచ్చి పాలకూరలో రెండూ కలిపి అర గ్రాము పైనే, ఒక్కోసారి గ్రాము దాకా ఉంటాయి. ఆకుకూరల్లో ఇది చాలా ఎక్కువ. మన గంగవాయిల కూర, చుక్కకూర, తోటకూర కూడా ఈ కోవలోవే. మెంతికూరలో మాత్రం చాలా తక్కువ.

మన మార్కెట్లో పాలకూర పేరుతో దొరికేది చాలా వరకు విదేశీ పుస్తకాల్లో చెప్పే స్పినాచ్ కాదు, బీట్‌రూట్ జాతికి చెందిన ఆకు. రెండూ ఒకే కుటుంబం, రెండింటిలోనూ ఆక్సలేట్లు దండిగా ఉంటాయి. అందుకే ఇక్కడి విషయానికి ఆ తేడా పెద్దగా అడ్డు రాదు.

మొక్కల నుంచి వచ్చే ఇనుముకు ఒక ఇబ్బంది ఉంది. కడుపులోని ఆమ్లంలో అది కరిగి విడిగా తిరుగుతుంది. అక్కడి నుంచి చిన్నపేగులోకి దిగగానే ఆమ్లం తగ్గిపోతుంది, ఇనుము ఏదో ఒకదాన్ని పట్టుకుని గట్టిపడాలని చూస్తుంది. ఆ సమయంలో చుట్టూ ఆక్సలేట్ ఉంటే దానితో, గింజల పొట్టులోని ఫైటేట్ ఉంటే దానితో, టీలోని టానిన్ల వంటి పాలిఫినాల్స్ ఉంటే వాటితో జతకడుతుంది. జతకట్టిన ఇనుము పేగు గోడ మీది ద్వారం దాటలేదు. ఆ ద్వారం ఇనుమును ఒకే ఒక్క రూపంలో లోపలికి రానిస్తుంది, రసాయన శాస్త్రంలో దాన్ని ఫెర్రస్ రూపం అంటారు. ఆకులో ఉన్నది ఎక్కువగా ఫెర్రిక్ రూపం.

ఇక మిగతా సగం. ఆక్సలేట్ల మీద పడిన నింద వాటికి తగిన దానికంటే పెద్దది. 2008లో స్విట్జర్లాండ్‌లో పరిశోధకులు ఆరోగ్యవంతులైన మహిళల మీద నేరుగా పరీక్షించారు. కేల్ అనే ఆకులో ఆక్సలేట్లు దాదాపు ఉండవు. ఆ ఆకుతో చేసిన భోజనానికి పాలకూరలో ఉన్నంత ఆక్సలేట్‌ను విడిగా కలిపి పెట్టారు. ఇనుము పట్టడం తగ్గలేదు. పాలకూర భోజనంలో కేల్ భోజనంతో పోలిస్తే ఇనుము పట్టింది 24 శాతం తక్కువగా కనిపించింది గానీ, ఆ తేడా కూడా గణాంకపరంగా గట్టిగా నిలబడలేదు. పాలకూరలో ఎక్కువగా ఉండే పాలిఫినాల్స్, కాల్షియం మీద వారికి అనుమానం కలిగింది.

అందుకే నా దగ్గరకు వచ్చేవారికి ఇలా చెబుతాను. పాలకూరలో ఇనుముకు అడ్డుపడేది ఒక్క ఆక్సలేట్ కాదు, అదొక గుంపు. ఆ గుంపులో ఆక్సలేట్ పేరు ఎక్కువగా వినబడుతుంది గానీ, బలం దానికి అంత ఉన్నట్టు లేదు. ఆక్సలేట్ నిజంగా దెబ్బకొట్టేది కాల్షియంను. పాలలోని కాల్షియంలో నాలుగో వంతుకు పైగా ఒంటికి పడుతుంటే, పాలకూరలోని కాల్షియంలో ఐదు శాతం దాకానే పడుతుంది. ఎముకల బలం కోసం పాలకూర తినమనేవారి మాటకు ఆక్సలేటే సరైన జవాబు. ఇనుము విషయంలో మాత్రం కథ ఇంత సూటిగా లేదు.

అలాంటప్పుడు ఉడికించి నీళ్లు పారబోయడం ఎందుకని అడగవచ్చు.

ఉడికించడం వల్ల రెండు పనులు జరుగుతాయి. వేడికి ఆకు కణాల గోడలు మెత్తబడి లోపలి ఇనుము బయటపడటం తేలికవుతుంది. నీటిలో కరిగే ఆక్సలేట్ నీళ్లలోకి దిగిపోతుంది. ఎంత దిగుతుందనేది నీళ్ల పరిమాణం మీద, ఆకు కోత మీద, సమయం మీద ఆధారపడుతుంది. వేర్వేరు కూరగాయల మీద చేసిన కొలతల్లో నీళ్లలో ఉడికిస్తే కరిగే ఆక్సలేట్ 30 నుంచి 87 శాతం వరకు తగ్గింది, ఆవిరి మీద ఉడికిస్తే 5 నుంచి 53 శాతం వరకే తగ్గింది. ఇనుము మాత్రం ఆకును అంత తేలికగా వదలదు, కాబట్టి నీళ్లతో పోయే ఇనుము తక్కువే.

ఇక్కడ మన ఇళ్లలో జరిగే పొరపాటు ఒకటుంది. పాలకూర పప్పు అంటే కందిపప్పు, తరిగిన ఆకు, పచ్చిమిర్చి, చింతపండు అన్నీ కలిపి కుక్కర్లో పెట్టి మూడు కూతలు రానిస్తాం. ఆకు ఉడుకుతుంది, నిజమే. కానీ నీళ్లలోకి దిగిన ఆక్సలేట్ ఎక్కడికీ పోదు, పప్పులోనే ఉంటుంది, దాన్నే తింటాం. కుక్కర్లో పప్పుతో కలిపి ఉడికిస్తే ఆక్సలేట్ తగ్గినట్టు కాదు. నూనెలో మూతపెట్టి మగ్గించే వేపుడుకూ ఇదే వర్తిస్తుంది.

నేను ఇంట్లో చేసే పద్ధతి చెబుతాను. పావు కిలో ఆకును కాడలు తీసి, మట్టి పోయేలా రెండు మూడు నీళ్లలో జాడించాలి. పెద్ద గిన్నెలో లీటరున్నర నీళ్లు తెర్లే దాకా కాచి, ఆకును తరగకుండా వేయాలి. మూత పెట్టకూడదు, పెడితే ఆకు రంగు చెడుతుంది. రెండు మూడు నిమిషాలు చాలు. ముద్దగా ముడుచుకోగానే చిల్లుల గిన్నెలోకి వంచి, చల్లారాక చేత్తో గట్టిగా పిండాలి. ఒడినిండా ఉన్న ఆకు గుప్పెడు ముద్ద అవుతుంది. గిన్నెలో మిగిలేది పసుపు కలిసిన ఆకుపచ్చ నీళ్లు. వాటిని పారబోయాలి, రసంలో కలపకూడదు. ఆ ముద్దను తరిగి, విడిగా ఉడికిన పప్పులో చివర కలిపి పోపు పెడితే సరి. పళ్ల వెనక ఆ గరుకు బాగా తగ్గుతుంది. ఆకు మెత్తబడాలని తినే సోడా వేసేవారున్నారు, అది వేయకండి, విటమిన్లు ఇంకా ఎక్కువగా పోతాయి.

ఈ పద్ధతికి నష్టం కూడా ఉంది. ఆక్సలేట్‌తో పాటు ఫోలేట్ కూడా నీళ్లలోకి పోతుంది, సగం దాకా పోయినట్టు కొలిచినవారున్నారు. రక్తం తయారీకి ఫోలేట్ కూడా కావాలి. ఆకులో ఉన్న కాస్త విటమిన్ సిలో సగానికి పైగా అదే దారి పడుతుంది. అందుకే మూత్రపిండాల్లో రాళ్లు వచ్చినవారికి నీళ్లు తప్పనిసరిగా పారబోయమని చెబుతాను. రక్తం తక్కువగా ఉండి, రాళ్ల బాధ లేనివారు రోజూ ఈ కష్టం పడనక్కర్లేదు. మీ అమ్మాయి వారానికి ఐదు రోజులు తింటోంది కాబట్టి పారబోయడమే మంచిది. వారానికి రెండు రోజులకు తగ్గిస్తే మామూలుగా వండినా ఫరవాలేదు.

రాళ్ల మాట వచ్చింది కాబట్టి నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. వృత్తిలోకి వచ్చిన కొత్తలో నేను కూడా "పొద్దున్నే పరగడుపున పచ్చి పాలకూర రసం ఒక గ్లాసు" అని రాసిచ్చినదాన్నే. పరకాల వైపు నుంచి వచ్చిన ఒకాయన నాలుగు నెలలు తు.చ. తప్పకుండా తాగాడు. ఆ తర్వాత నడుము పక్కన నొప్పితో ఆసుపత్రిలో చేరాడు. రాయి తీసి పరీక్షిస్తే కాల్షియం ఆక్సలేట్. ఆయనకు అంతకుముందు ఒకసారి రాయి వచ్చిందట. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. రసం వల్లే వచ్చిందని నేను రుజువు చేయలేను, కానీ ఆ రోజు నుంచి పచ్చి పాలకూర రసం ఎవరికీ రాసివ్వలేదు. రసంలో ఆకు మోతాదు పెరుగుతుంది, ఆక్సలేట్ ఏమాత్రం తగ్గదు, పరగడుపున దాన్ని పట్టి ఉంచే కాల్షియం కూడా కడుపులో ఉండదు.

ఇప్పుడు నిమ్మకాయ సంగతి.

విటమిన్ సి రెండు పనులు చేస్తుంది. ఫెర్రిక్ ఇనుమును ఫెర్రస్‌గా మారుస్తుంది, అంటే ద్వారం దాటే రూపంలోకి తెస్తుంది. ఇనుమును తానే ముందుగా పట్టుకుని, పేగులో ఆమ్లం తగ్గినా గట్టిపడకుండా కరిగిన స్థితిలో ఉంచుతుంది. ఆక్సలేట్, ఫైటేట్, టానిన్ పట్టుకోవడానికి వచ్చేసరికి ఇనుము ఇంకొకరి చేయి పట్టుకుని ఉంటుందన్నమాట. అందుకే అడ్డుపడేది ఏదైనా ఈ ఉపాయం ఎంతో కొంత పనిచేస్తుంది. ఆక్సలేట్ ఒక్కదాన్నే తగ్గించే నీళ్ల పద్ధతికంటే దీన్ని నేను మెచ్చుకునేది ఇందుకే. పైగా ఇది పాలకూరకు మాత్రమే కాదు, ఆ పూట పళ్లెంలో ఉన్న పప్పు, అన్నం, జొన్నరొట్టె అన్నింటిలోని ఇనుముకూ వర్తిస్తుంది. నిజం చెప్పాలంటే అసలు లాభం అక్కడే ఉంది. మూడు జొన్నరొట్టెల్లో ఉండే ఇనుము వంద గ్రాముల పాలకూరలో ఉన్నదానికంటే తక్కువేమీ కాదు.

కానీ మోతాదు చూడాలి. ప్రయోగాల్లో ఇనుము పట్టడం రెండు మూడు రెట్లు పెరిగిందంటే, ఆ పూట విటమిన్ సి 25 నుంచి 100 మిల్లీగ్రాముల దాకా ఇచ్చినప్పుడు. మన చిన్న నిమ్మకాయ ఒకటి పూర్తిగా పిండితే వచ్చేది ఇరవై మిల్లీలీటర్ల రసం. అందులో విటమిన్ సి ఆరేడు మిల్లీగ్రాములే. పప్పు మీద పిండే అరచెక్కలో మూడు. నిమ్మచెక్క మంచిదే, అదొక్కటే చాలదు. నిమ్మలో ఉండే సిట్రిక్ ఆమ్లం కూడా ఇనుమును కరిగి ఉండేలా చేయడంలో కొంత సాయపడుతుంది. అన్నంతో చేసిన ఒక ప్రయోగంలో గ్రాము సిట్రిక్ ఆమ్లం కలిపితే ఇనుము పట్టడం బాగా పెరిగింది, చింతపండులో ఉండే టార్టారిక్ ఆమ్లంతో కూడా అలాగే పెరిగింది. అయితే మరో చోట చేసిన ప్రయోగంలో సిట్రిక్ ఆమ్లం అలా పనిచేయలేదు. అందువల్ల పప్పులో చింతపండు, పక్కన పచ్చిపులుసు ఉంటే వద్దనను, కానీ వాటిని విటమిన్ సి కింద లెక్కవేయను. చింతపండులో అది చాలా తక్కువ.

విటమిన్ సి కోసం నేను నమ్మేది జామకాయను. వంద గ్రాముల జామకాయలో 200 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. అంటే మామూలు కాయలో సగం, భోజనంతో పాటు తింటే చాలు. చలికాలంలో ఉసిరికాయ, మిగతా రోజుల్లో ఒక బత్తాయి పనికొస్తాయి. బత్తాయిని రసం తీయకుండా తొనలుగా తింటే మంచిది. ఇవేవీ లేని రోజున పచ్చి టమాటా, ఉల్లిపాయ ముక్కల మీద ఒక పూర్తి నిమ్మకాయ పిండి, పప్పన్నంలో నంజుకోవచ్చు.

ఈ విషయంలో పొరపాట్లు ఎక్కువగా రెండు చోట్ల జరుగుతాయి. మొదటిది వేడి. నిమ్మరసం పొయ్యి మీద ఉన్న పప్పులో పోసి ఉడకనిస్తే విటమిన్ సి చాలావరకు నశిస్తుంది. ఆకు కూడా పచ్చదనం పోయి ఎండుటాకు రంగుకు తిరుగుతుంది. ఆ రంగు కనబడితే పులుపు తొందరగా వేశారని గుర్తు. పళ్లెంలో వడ్డించాకే పిండాలి. రెండోది సమయం. "సాయంత్రం నాలుగింటికి జామకాయ తింటోందండీ" అని తల్లులు చెబుతుంటారు. మధ్యాహ్నం ఒంటిగంటకు తిన్న పాలకూర అప్పటికి చాలా దూరం వెళ్లిపోయి ఉంటుంది. ఇనుము, విటమిన్ సి ఒకే వేళ కడుపులో కలవాలి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఈ రెండు మూడు రెట్ల అంకెలన్నీ ఒక్క పూట భోజనంతో చేసిన ప్రయోగాలవి. రోజుల తరబడి మామూలు తిండి తింటూ కొలిచినప్పుడు విటమిన్ సి ప్రభావం అంతకంటే బాగా తక్కువగానే కనిపించింది. కాబట్టి జామకాయ పెట్టగానే అంకెలు పరుగెత్తుతాయని అనుకోకండి.

ఇక టీ. భోజనంతో పాటు ఒక కప్పు టీ తాగితే ఇనుము పట్టడం 60 శాతం దాకా తగ్గినట్టు కొలిచారు. కాఫీతో 40 శాతం దాకా తగ్గింది. భోజనం అయిన గంటకు కాఫీ తాగినా అంతే తగ్గింది, భోజనానికి గంట ముందు తాగితే తగ్గలేదు. నర్సంపేట దగ్గర ఒక బడిలో పనిచేసే టీచర్ ఒకావిడ నా దగ్గరకు వచ్చేవారు. డబ్బాలో పాలకూర, నిమ్మచెక్క, అన్నీ సరిగానే ఉండేవి. హిమోగ్లోబిన్ మాత్రం ఏడాదిగా పది దాటలేదు. మూడోసారి కూర్చోబెట్టి గంట గంటకూ ఏం తింటారో, ఏం తాగుతారో రాయించాను. డబ్బా మూత పెట్టేలోపే స్టాఫ్ రూములోకి టీ వచ్చేదట. అందరూ తాగుతుంటే తానూ తాగేవారు. దాన్ని మూడున్నరకు జరిపాం, డబ్బాలో సగం జామకాయ చేర్చాం. అప్పటికే డాక్టర్ రాసిన మాత్రలు భోజనం తర్వాత టీతోనే మింగుతున్నారని కూడా ఆ కాగితం మీదే బయటపడింది. మాత్ర వేళ కూడా మార్చాం. పదకొండు వారాలకు 11.6 వచ్చింది. ఇందులో మాత్ర వాటా ఎంత, జామకాయ వాటా ఎంత, టీ వాటా ఎంత అంటే నేను విడదీసి చెప్పలేను. ఎక్కువ భాగం మాత్రదే అయి ఉంటుంది.

పాలక్ పనీర్ గురించి మీరు అడగలేదు గానీ, ఎవరో ఒకరు అడుగుతారు. పనీర్‌లోని కాల్షియం, పెరుగులోని కాల్షియం అదే పూట ఇనుమును కొంత అడ్డుకుంటాయి. కానీ అదే కాల్షియం పేగులో ఆక్సలేట్‌ను పట్టుకుని మూత్రంలోకి పోకుండా ఆపుతుంది. రాళ్లు వచ్చేవారు పాలకూరను పెరుగుతో తినాలి, రక్తం తక్కువగా ఉన్నవారు పెరుగును వేరే పూటకు జరపాలి. రెండు బాధలూ ఉన్నవారైతే పాలకూర జోలికి పోకుండా మెంతికూర వండుకోవడం నయం.

ఇప్పుడు మీ అమ్మాయి విషయానికి వస్తాను. పదిహేడేళ్ల పిల్లకు 9.6 అంటే తిండితో చూద్దాంలే అని ఆగే అంకె కాదు. డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లి ఫెరిటిన్ పరీక్ష అడగండి. ఒంట్లో ఇనుము నిల్వ ఎంత ఉందో అది చెబుతుంది. అది 15 కంటే తక్కువ ఉంటే ఇనుము లోపమే. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు మాత్రం చేయించకండి, అప్పుడు ఫెరిటిన్ ఎక్కువగా కనిపించి మోసం చేస్తుంది. ఫెరిటిన్ బాగానే ఉండి హిమోగ్లోబిన్ తక్కువగా ఉంటే దారి వేరు. బి12 లోపమో, తలసీమియా లక్షణమో కావచ్చు, అప్పుడు పాలకూర, జామకాయ, మాత్ర ఏదీ జవాబు కాదు. నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉందేమో, నులిపురుగుల మందు ఎప్పుడు వేశారో కూడా డాక్టర్‌కు చెప్పండి.

ఇనుము లోపమేనని తేలితే మాత్రలు రాస్తారు. బడిలో, కాలేజీలో వారానికొకటి ఇచ్చే నీలం మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. ఇది లోపం రాకుండా ఉండటానికి ఇచ్చేది, వచ్చిన లోపాన్ని సరిచేసే మోతాదు డాక్టర్ చెప్పాలి. పైన వేసిన పన్నెండేళ్ల లెక్క పక్కన ఈ 60 పెట్టి చూడండి, మాత్ర ఎందుకో తెలుస్తుంది. మాత్ర సరిగా పనిచేస్తుంటే మూడు నాలుగు వారాల్లో హిమోగ్లోబిన్ ఒక గ్రాము దాకా పెరగాలి. పెరగకపోతే మాత్ర వేసుకోవడం లేదా, టీతో వేసుకుంటోందా, రక్తం ఎక్కడైనా పోతోందా అన్నది చూడాలి. మలం నల్లగా వస్తే భయపడకండి, మాత్ర వేసుకుంటోందనడానికి అదే గుర్తు. మాంసం తినే ఇల్లయితే వారానికి ఒకటి రెండుసార్లు కార్జం గానీ వేటమాంసం గానీ పెట్టండి. అందులోని ఇనుము వేరే దారిలో పేగు దాటుతుంది, ఈ అడ్డంకులు దానికి పెద్దగా వర్తించవు. పక్కన ఉన్న పాలకూరలోని ఇనుమును కూడా అది కొంత లోపలికి తీసుకుపోతుంది.

పాలకూర మానేయమని నేను అనడం లేదు. వారానికి రెండు రోజులకు తగ్గించి, మిగతా రోజుల్లో మెంతికూర, పుంటికూర మార్చి మార్చి వండండి. ఇంట్లో పాత ఇనుప మూకుడు ఉంటే టమాటా కూరనో, పులుసునో అందులో చేయండి. పులుపు తగిలితే మూకుడు నుంచి ఇనుము కొంత కూరలోకి దిగుతుంది, కూర నల్లబడినా ఫరవాలేదు. అయితే వండిన కూరను రాత్రంతా అందులోనే ఉంచకండి, తుప్పు రుచి పడుతుంది. పిల్ల ముద్ద ముట్టదు.

ఫెరిటిన్ ఫలితం వచ్చాక ఆ అంకె, అమ్మాయి బరువు, భోజనం తర్వాత గంటలోపు ఏం తాగుతుందో రాయండి. మూడోది మాత్రం మీరు చెప్పకండి, ఆ అమ్మాయినే అడిగి రాయండి.